312 అలర్టులు: సేల్ రాత్రి ధరల కాపలా స్క్రిప్ట్, ప్రాజెక్టు డైరీ

పెద్ద సేల్ రోజు రాత్రి షిఫ్ట్‌లో టెస్టర్‌గా నా పని ఒక్కటే: సైట్‌లో కనిపిస్తున్న ధర, ఉండాల్సిన ధర ఒకటేనా అని చూస్తూ కూర్చోవడం. చేత్తో చూస్తే గంటకు వంద ఐటమ్‌లు దాటవు. సేల్‌లో ఉన్నవి 18,400. అందుకని ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. అది ఎక్కడెక్కడ బోల్తా పడిందో, చివరికి ఏం పట్టుకుందో దశలవారీగా రాస్తున్నాను. నా తప్పులు మీరు మళ్లీ చేయనక్కర్లేదు.

దశ 1: పేజీలో ధర చదవడం (సేల్‌కు 3 రోజుల ముందు)

మొదటి పద్ధతి ఇది:

1. ప్రైసింగ్ టీమ్ షీట్‌లోంచి అసలు ధర, తగ్గింపు శాతం తీసుకోవడం.
2. ఉండాల్సిన సేల్ ధర లెక్కేయడం.
3. ప్రొడక్ట్ పేజీ తెరిచి అక్కడున్న ధరతో పోల్చడం.

ఇది అరపూట కూడా నిలవలేదు. ట్రయల్‌లో 9 ఐటమ్‌లు తప్పని చూపించింది. చేత్తో తెరిచి చూస్తే తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి. పేజీ కాపీని కాష్ 5 నిమిషాలు దాచుకుంటుంది. స్క్రిప్ట్ చూసింది పాత కాపీ, నేను చూసింది కొత్తది. కొనేవాళ్లు కట్టేది పేజీలో ధర కాదు, కార్ట్‌లో ధర. కాబట్టి ఐటమ్‌ను కార్ట్‌లో వేసి, అక్కడి మొత్తాన్ని చదివేలా మార్చాను.

ఇక్కడ వేగం అడ్డొచ్చింది. సైట్ మీద భారం పడకుండా కార్ట్ రిక్వెస్టులు సెకనుకు 5 మించకూడదన్నారు. 18,400ని 5తో భాగిస్తే 3,680 సెకన్లు, అంటే గంట పైనే. ఒక రౌండ్‌కు గంట పట్టే కాపలా దొంగ వెళ్లిపోయాక ఈల వేసినట్టే. అందుకని పని రెండుగా విడదీశాను. ధరల టేబుల్ కాపీ డేటాబేస్ నుంచి 18,400 వరసలనూ ఒకేసారి చదవడానికి 6 సెకన్లు పట్టింది. దాన్ని ప్రతి 4 నిమిషాలకోసారి పెట్టాను. కార్ట్ పరీక్ష మాత్రం రౌండ్‌కు 300 ఐటమ్‌లకే, అంటే ఒక నిమిషం పని.

*ఇప్పటివరకు: అలర్టులు 9. నిజమైనవి 0.*

దశ 2: 49కి పడి, 99కి పాసయిన స్క్రిప్ట్ (2 రోజుల ముందు)

50 శాతం తగ్గింపు ఉన్న 2,000 ఐటమ్‌లతో పరీక్షించాను. 61 అలర్టులు వచ్చాయి. అన్నిట్లోనూ తేడా సరిగ్గా 1. నా లెక్క 124 అంటే డేటాబేస్ 125 అంటోంది.

మొదట డేటాబేస్‌నే అనుమానించాను. తర్వాత ఆ 61 ఐటమ్‌లనూ కాగితం మీద వరసగా రాసుకున్నాను. అసలు ధరలు 249, 349, 449, 649. అన్నీ 49తోనే ముగుస్తున్నాయి. పక్కనే ఉన్న 299, 399, 499 ఒక్కటి కూడా పడలేదు. 299లో సగం 149.5, 249లో సగం 124.5. రెండింటికీ చివర అరే ఉంది. మరి ఒకటి పాసయ్యి, ఇంకొకటి ఎందుకు పడింది?

పైథాన్‌లో `round()` సరిగ్గా సగం వచ్చినప్పుడు పైకి వెళ్లదు, దగ్గరున్న సరి సంఖ్యకు వెళుతుంది. 149.5కి దగ్గరి సరి సంఖ్య 150. 124.5కి 124. డేటాబేస్‌లో దశాంశ ధరలకు వాడే `ROUND` మాత్రం సగాన్ని ఎప్పుడూ పైకే తోస్తుంది కాబట్టి అక్కడ 125. 99తో ముగిసే ధరలకు రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇస్తాయి. నేను మొదటి రోజు పరీక్షించిన ఐటమ్‌లన్నీ 99తో ముగిసేవే. అందుకే అప్పుడు బయటపడలేదు.

దశాంశాలే లేకుండా, పూర్ణాంకాలతోనే లెక్కేసేలా మార్చాను:

```python
def off(p, d):
    return (p * (100 - d) + 50) // 100
```

`p` ధర, `d` శాతం. 50 కలిపి 100తో భాగిస్తే సగం ఎప్పుడూ పైకే పోతుంది. మళ్లీ నడిపితే 2,000కి 0 అలర్టులు. మీ దగ్గర ధరలు రెండు దశాంశాలతో ఉంటే, ముందే వందతో గుణించి పూర్ణాంకాలు చేసుకోండి. ఏ అంకె దగ్గర రౌండ్ చేస్తున్నారో డేటాబేస్ వాళ్లని అడగండి, ఊహించుకోవద్దు.

*ఇప్పటివరకు: అలర్టులు 70. నిజమైనవి 0.*

దశ 3: 00:20, పరువు పోయిన అలర్ట్

సేల్ 00:00కి మొదలైంది. మొదటి ఐదు రౌండ్లు ప్రశాంతంగా గడిచాయి. 00:20కి ఒకే కేటగిరీలో 44 అలర్టులు పడ్డాయి. షీట్‌లో 30 శాతం తగ్గింపు ఉంటే, సైట్‌లో 35 శాతం పడుతోంది. ఆగలేకపోయాను. మా లీడ్‌కు ఫోన్ చేశాను. మేడమ్ అప్పటికి గంట క్రితమే పడుకున్నారు.

"షీట్ ఎప్పటిది చూస్తున్నావు?" అన్నారు.

"సాయంత్రం దించుకున్నది మేడమ్."

"రాత్రి పది గంటలకు 35 చేశారు. మెయిల్ వచ్చింది, చూడలేదా?"

చూడలేదు. స్క్రిప్ట్ షీట్‌ను ఒకసారి దించుకుని దాన్నే వాడుతోంది. ఇప్పుడు ప్రతి రౌండ్‌కు ముందు షీట్ మళ్లీ దించుకునేలా, అలర్ట్‌లో షీట్ ఏ టైమ్‌దో కూడా చూపించేలా మార్చాను. రెండు లైన్ల పని. కానీ ఈసారి నిజంగా ఏదైనా కనిపిస్తే ఫోన్ ఎత్తడానికి చెయ్యి ఎంత బరువెక్కుతుందో అప్పుడు ఊహించలేదు.

*ఇప్పటివరకు: అలర్టులు 114. నిజమైనవి 0.*

దశ 4: 02:06

02:00కి రెండో విడత డీల్స్ తెరిచారు. ఒక కేటగిరీలో 1,500 ఐటమ్‌లకు 40 శాతం తగ్గింపు. 02:06 రౌండ్‌లో స్క్రీన్ కిందికి జారుతూనే ఉంది. లెక్కపెడితే 312.

మొదటి ఐటమ్ అసలు ధర 1,299. ఉండాల్సింది 779. కార్ట్‌లో 467.

తర్వాత 11 నిమిషాలు నేను చేసిన పనులు వరసగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే.

1. స్క్రిప్ట్ ఆపి మళ్లీ నడిపాను. మళ్లీ 312.
2. షీట్ టైమ్ చూశాను. తాజాదే.
3. కార్ట్ ఖాళీ చేసి, వేరే బ్రౌజర్‌లో ఐటమ్ వేశాను. 467.
4. ఎవరైనా ఇంకో ఆఫర్ కలిపారేమోనని ఆఫర్ల పట్టిక మొత్తం చదివాను. ఏమీ లేదు.
5. ప్రైసింగ్ టీమ్ చాట్‌లో "ఈ కేటగిరీకి అదనపు తగ్గింపు ఉందా?" అని మర్యాదగా అడిగి, జవాబు కోసం చూస్తూ కూర్చున్నాను.

ఐదో పని చేస్తున్నంతసేపూ మనసులో 00:20 ఫోనే తిరుగుతోంది. మళ్లీ నాదే తప్పయితే? జవాబు రాలేదు. ఊరికే కూర్చోలేక కాలిక్యులేటర్‌లో 467ని 1,299తో భాగించాను. 0.3595. రెండో ఐటమ్ 0.3601. మూడోది 0.3598. అన్నీ 0.36 చుట్టూనే తిరుగుతున్నాయి.

40 శాతం తగ్గితే మిగిలేది 0.60. 0.60ని 0.60తో గుణిస్తే 0.36.

ఎవరో కావాలని పెట్టే అదనపు తగ్గింపు 10 శాతమో, 15 శాతమో ఉంటుంది. తగ్గింపు తన మీద తానే మళ్లీ పడిందంటే అది మనిషి నిర్ణయం కాదు, మెషీన్ అదే పని రెండుసార్లు చేసింది. టైమ్ 02:17. ఆన్‌కాల్ డెవలపర్‌కు ఫోన్ చేశాను.

*ఈ 312 ఐటమ్‌ల మీద పడిన ఆర్డర్లు: 02:06కి 9. 02:17కి 74.*

దశ 5: 501 నుంచి 812 వరకు

డెవలపర్ అన్న అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకున్నది కాదు.

"ఆ 312 ఐటమ్‌లూ చెల్లాచెదురుగా ఉన్నాయా తమ్ముడూ, వరసగా ఉన్నాయా?"

"ఎలా చూడాలన్నా?"

"ఐటమ్ కోడ్ ప్రకారం సార్ట్ చేసి, వరస నంబర్ వెయ్."

వేశాను. 1,500లో మొదటి 500 సరిగ్గా ఉన్నాయి. 501 నుంచి తప్పు మొదలైంది. మధ్యలో ఒక్కటి కూడా విడవకుండా 812 వరకు తప్పు. 813వ ఐటమ్ నుంచి మళ్లీ అన్నీ సరి. నంబర్లు చదివి వినిపించేసరికి అటునుంచి కీబోర్డు చప్పుడు మొదలైంది. రెండు నిమిషాల్లో ధరలు మార్చే జాబ్ లాగ్ పంపించారు:

```text
batch=1 rows=500 ok
batch=2 rows=312 timeout 30s
batch=2 retry=1 rows=500 ok
batch=3 rows=500 ok
job status=SUCCESS
```

జాబ్ 500 ఐటమ్‌ల చొప్పున మూడు బ్యాచ్‌లుగా నడుస్తుంది. రెండో బ్యాచ్‌లో 312 వరసలు రాశాక 30 సెకన్ల గడువు దాటిపోయింది. మామూలు రోజు 500 వరసలకు 6 సెకన్లు పడుతుంది. సేల్ రద్దీలో డేటాబేస్ నత్తనడక నడిచింది. గడువు దాటగానే షెడ్యూలర్ తన పని తాను చేసింది: బ్యాచ్‌ను మొదటి నుంచి మళ్లీ నడిపింది. ఒక్కో వరస రాసిన వెంటనే ఖాయమైపోతుంది కాబట్టి మొదటి 312 వెనక్కి రాలేదు. వాటి మీదే రెండోసారి రాసింది. ఇంతవరకు కూడా ప్రమాదం లేదు. అసలు ప్రమాదం ఈ లైన్‌లో ఉంది:

```sql
UPDATE prices
SET sale_price = ROUND(sale_price * 0.60)
WHERE sku = :sku;
```

కొత్త సేల్ ధరను పాత సేల్ ధర నుంచే లెక్కేస్తోంది. మొదటిసారి నడిచినప్పుడు సేల్ ధర, అసలు ధర ఒకటే కాబట్టి జవాబు సరిగ్గా వస్తుంది. రెండోసారి నడిస్తే 779 మీద మళ్లీ 40 శాతం పోయి 467 అవుతుంది. `list_price * 0.60` అని రాసి ఉంటే పదిసార్లు నడిచినా 779 దగ్గరే ఆగేది.

లాగ్‌లో వరసలు కలిపితే 500, 312, 500, 500, మొత్తం 1,812. ఐటమ్‌లు 1,500. ఆ 312 ఎక్కువ రాత అందరి కళ్ల ముందే ఉంది. కానీ కింద పచ్చగా SUCCESS అని ఉంటే పైన కూడికలు ఎవరు వేస్తారు?

సేల్‌కు ముందు మేం ఎందుకు పట్టలేదంటే, టెస్ట్ సైట్‌లో ఆ కేటగిరీకి ఉన్నవి 40 ఐటమ్‌లే. జాబ్ క్షణంలో అయిపోతుంది. గడువు దాటదు, మళ్లీ నడవదు. తగ్గింపు మరీ ఎక్కువైతే అడ్డుకునే కంచె కూడా ఒకటి ఉంది: సేల్ ధర అసలు ధరలో 30 శాతం కంటే దిగితే ఐటమ్ ఆగిపోతుంది. 0.36 ఆ కంచెకు కాస్త పైనుంచి దూకేసింది. ఇదే 50 శాతం డీల్ అయ్యుంటే 0.25 దగ్గర ఆగిపోయేది. ఒక రకంగా 40 శాతమే మా కొంప ముంచింది.

దశ 6: ఆపడం, సరిచేయడం

02:26కి 312 ఐటమ్‌లనూ "అందుబాటులో లేదు" అని పెట్టించాం. ధర సరిచేశాక ఆపుదాం అనుకోకండి. ముందు ఆపడం, తర్వాతే బాగుచేయడం.

సరిచేయడానికి డెవలపర్ అన్న మొదట అనుకున్నది 467ని 0.60తో భాగించడం. వెనక్కి వెళ్లడమే కదా అని నాకూ బాగానే అనిపించింది. రాసే ముందు నా స్క్రిప్ట్‌లో 312 ఐటమ్‌ల మీద ఉత్తుత్తిగా నడిపి చూశాను. 467ని 0.60తో భాగిస్తే 778.33, రౌండ్ చేస్తే 778. ఉండాల్సింది 779. రౌండ్ చేసినప్పుడు పోయిన ముక్క భాగించినంత మాత్రాన తిరిగి రాదు. 312లో 127 ఐటమ్‌లు ఇలా ఒక అంకె తేడాతో వచ్చాయి. అలా సరిచేసి ఉంటే నా స్క్రిప్ట్ తెల్లవార్లూ అరుస్తూనే ఉండేది.

చివరికి చేసిన వరస ఇది:

1. ఐటమ్‌లు ఆపడం.
2. సేల్ ధరను అసలు ధర నుంచి కొత్తగా లెక్కేసి రాయడం.
3. స్క్రిప్ట్‌ను ఆ 312 మీద మాత్రమే నడపడం. 0 అలర్టులు.
4. పేజీల కాష్ ఖాళీ చేయించడం.
5. ఐటమ్‌లు మళ్లీ తెరవడం. అప్పటికి 02:52.

నాలుగోది మరిచిపోతే పేజీలో 467, కార్ట్‌లో 779 కనిపిస్తాయి. మొదటి తప్పు కంపెనీకి నష్టం, ఈ తప్పు కొనేవాళ్లకు మోసంలా కనిపిస్తుంది.

*ఆర్డర్లు: 02:26కి 143.*

దశ 7: ఆపాక కూడా పెరిగిన లెక్క

02:41కి మళ్లీ చూస్తే 158. ఐటమ్‌లు ఆపాక 15 ఎలా వచ్చాయి? గుండె జారింది. ఇంకెక్కడో కన్నం ఉందనుకున్నాను.

కన్నం కాదు, కార్ట్. చెక్‌అవుట్ మొదలుపెట్టిన కార్ట్‌కు ధరను 15 నిమిషాల పాటు పట్టి ఉంచుతారు. "అందుబాటులో లేదు" అన్నది కొత్తగా వేయడాన్నే ఆపుతుంది, పట్టి ఉంచిన కార్ట్‌ను ముట్టదు. 02:26కి 15 నిమిషాలు కలిపితే సరిగ్గా 02:41. ఆ తర్వాత ఒక్క ఆర్డర్ కూడా పెరగలేదు. ఈసారి కార్ట్‌లలో పట్టి ఉంచిన ధరలను కూడా ఒకే దెబ్బకు రద్దు చేసే బటన్ అడిగాను. ఇస్తామన్నారు.

ఆ 158 ఆర్డర్లను పంపాలా, రద్దు చేయాలా అన్నది నా నిర్ణయం కాదు. నేను ఇచ్చింది ఒక ఫైల్: ఆర్డర్ నంబర్, కట్టిన ధర, కట్టాల్సిన ధర, టైమ్. టైమ్ నిలువు వరస ఇమ్మని ఎవరూ అడగలేదు. పొద్దున అందరూ మొదట చూసింది అదే. 02:06కి 9, 02:17కి 74 అని అందులో స్పష్టంగా ఉంది. ఆ 65 నా ఖాతాలోవి.

*ఇప్పటివరకు: అలర్టులు 426. నిజమైనవి 312. తప్పు ధరకు ఆర్డర్లు 158.*

దశ 8: స్క్రిప్ట్‌లో మార్చినవి (అదే రాత్రి, 04:00 తర్వాత)

ఒక ధర తప్పని చెప్పడమే కాదు, ఎలాంటి తప్పో కూడా స్క్రిప్టే చెప్పాలి. 11 నిమిషాలు పోయింది తప్పు కనిపించక కాదు, కనిపించింది నమ్మక. అందుకని ఇది కలిపాను:

```python
once = off(list_price, d)
twice = off(once, d)
if sale != once:
    kind = "TWICE" if sale == twice else "OTHER"
```

మొదట దీన్ని నిష్పత్తితో రాశాను: 0.36కి 0.01 లోపు ఉంటే రెండుసార్లు పడినట్టు. చిన్న ధరల దగ్గర అది పనిచేయలేదు. అసలు ధర 9 అయితే ఒకసారికి 5, రెండోసారికి 3. నిష్పత్తి 0.333 కాబట్టి జారిపోయింది. రౌండ్ చేసే పద్ధతినే రెండుసార్లు నడిపి చూస్తే జారదు.

ఫోన్ ఎప్పుడు చేయాలో కూడా ఇక నా ధైర్యానికి వదల్లేదు. ఒక రౌండ్‌లో ఒకే కేటగిరీలో 20కి మించి అలర్టులు ఉండి, షీట్ తాజాదైతే, స్క్రిప్టే ఆన్‌కాల్ నంబర్‌కు కాల్ పెడుతుంది. అంతకంటే తక్కువైతే టికెట్. జాబ్ లాగ్‌లో రాసిన వరసలు, ఐటమ్‌ల సంఖ్య ఒకటి కాకపోతే అది విడిగా ఇంకో అలర్ట్.

పట్టలేనిది ఒకటి మిగిలింది. అసలు ధర 9, తగ్గింపు 5 శాతం అయితే ఒకసారి వేసినా 9, రెండుసార్లు వేసినా 9. అలాంటివి మా జాబితాలో 6 ఉన్నాయి. వాటిని పేర్లతో సహా షిఫ్ట్ అప్పగింత నోట్‌లో రాశాను.

06:00కి పగటి షిఫ్ట్ వచ్చింది. మేడమ్ కూడా మామూలు కంటే ముందే వచ్చి, నా పక్క కుర్చీ లాక్కుని లాగ్ మొత్తం చదివారు. 02:06 దగ్గర ఆగారు.

"నాకెందుకు చేయలేదు?"

"00:20కి ఒకసారి చేశాను కదా మేడమ్."

ఆవిడ ఏమీ అనలేదు. 00:20 టికెట్ ఇంకా నా పేరు మీదే తెరిచి ఉంది. నా కీబోర్డు తన వైపు తిప్పుకుని, కారణం దగ్గర "పాత షీట్, స్క్రిప్ట్ సరిచేశారు" అని టైప్ చేసి మూసేశారు.